అద్దె బేరంలో ఖాళీ నెల ఖరీదు

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్లలో చాలామందికి పదో నెలలో ఒక ఫోన్ వస్తుంది. "అగ్రిమెంటు అయిపోవస్తోంది కదండీ, వచ్చే నెల నుంచి పది శాతం పెంచుతున్నాం" అంటారు అవతలి నుంచి. అగ్రిమెంట్లు 11 నెలలకే రాసుకోవడానికి కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాది మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని అది చెబుతుంది. ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని అందరూ 11 నెలల దగ్గర ఆగిపోతారు. దాంతో పెంపు మాట కూడా 11 నెలలకోసారి తప్పకుండా వస్తుంది.

ఆ ఫోన్ వచ్చినప్పుడు ఎక్కువమంది చేసేది రెండింట్లో ఒకటి. "సరేనండీ" అనేస్తారు, లేదంటే "మా జీతాలేం పెరగలేదండీ, కాస్త చూడండి" అని బతిమాలతారు. మీ జీతం ఓనరు లెక్కలో ఉండదు. ఆయన లెక్కలో ఉండేవి రెండే. బయట ఈ ఇంటికి ఎంత వస్తుంది? మీరు వెళ్లిపోతే ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది? బేరం ఆడాలంటే ఈ రెండు ప్రశ్నలకూ ఓనరు కంటే ముందు మీ దగ్గర జవాబు ఉండాలి.

పది శాతం పెంపు, ఒక్క ఖాళీ నెల

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లి వైపు ఒక మామూలు అపార్టుమెంటు, అందులో రెండు పడకగదుల ఫ్లాటు. అద్దె 20,000, మెయింటెనెన్సు వేరుగా 2,500. ఒక కుటుంబం నాలుగేళ్లుగా అందులో ఉంటోంది, అద్దె ఏ నెలా ఆలస్యం కాలేదు. ఓనరు ఇప్పుడు 22,000 అడుగుతున్నారు.

పాత కుటుంబమే 20,000కు ఉండిపోతే 11 నెలల్లో ఓనరుకు వచ్చేది 2,20,000. వాళ్లు వెళ్లిపోయి, ఇల్లు ఒక నెల ఖాళీగా ఉండి, మిగతా పది నెలలకు కొత్తవాళ్లు 22,000 చొప్పున ఇచ్చారనుకుందాం. అప్పుడూ వచ్చేది 2,20,000 మాత్రమే. పది శాతం పెంపును ఒక్క ఖాళీ నెల పూర్తిగా మింగేసింది. పైగా ఆ నెల మెయింటెనెన్సు 2,500 ఓనరే అసోసియేషన్‌కు కట్టుకోవాలి. కొత్తవాళ్లు 22,000 కాక 21,000కే ఒప్పుకుంటే రాబడి 2,10,000కు పడిపోతుంది. మెయింటెనెన్సు కూడా కలిపితే నష్టం 12,500.

ఈ లెక్కను కొంచెం నిదానంగానే వాడాలి. ఓనరు తెలివైనవాడైతే "మొదటి ఏడాది సరే, రెండో ఏడాది నుంచి పెరిగిన అద్దె నాకు మిగులుతుంది కదా" అంటాడు. బయట నిజంగా 22,000 పలుకుతుంటే ఆ మాటలో న్యాయం ఉంది. అంటే ఖాళీ నెల లెక్క ఒక్కటే సరిపోదు. బయట ధర ఎంతో కూడా తేలాలి.

ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందన్నది కాలాన్ని బట్టి కూడా మారుతుంది. ఈ సంగతి మన ఓనర్లకు బాగా తెలుసు. పిల్లల బడులు తెరిచే ముందు, అంటే మే, జూన్ మొదట్లో ఇళ్ల కోసం తిరిగేవాళ్లు ఎక్కువ. ఆషాఢం వచ్చిందంటే పాలు పొంగించేవాళ్లు తగ్గిపోతారు. భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో కూడా చాలా కుటుంబాలు ఇల్లు మారవు. మీ అగ్రిమెంటు ఏప్రిల్ చివర ముగిస్తే ఓనరుది పైచేయి. ఆషాఢానికి ముందు ముగిస్తే, మీరు వెళ్లిన ఇంటికి శ్రావణం దాకా తాళం ఉండే అవకాశం ఎక్కువ. కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే, గడువు ఏ నెలలో ముగియాలో ముందే చూసుకోవచ్చు.

బయట ధర ఎలా తెలుసుకోవాలి

చాలామంది ఆన్‌లైన్‌లో నాలుగు ప్రకటనలు చూసి, వాటి స్క్రీన్‌షాట్లు ఓనరుకు పంపేస్తారు. అది సగం సాక్ష్యమే. ప్రకటనలో ఉండేది ఓనర్లు అడిగే అద్దె, కుదిరిన అద్దె కాదు. ఖరీదైన ఫ్లాట్లు నెలల తరబడి అక్కడే వేలాడుతుంటాయి. మంచి ధరకు వచ్చినవి నాలుగు రోజుల్లో మాయమవుతాయి. కాబట్టి ఏ రోజు చూసినా తెరమీద ఎక్కువగా కనబడేది అమ్ముడుపోని ధరే.

నిజమైన ధర తెలిసేది వాచ్‌మన్‌కు. మీ అపార్టుమెంటులోనూ పక్క రెండు వీధుల్లోనూ ఏ ఫ్లాటు ఎప్పుడు ఖాళీ అయింది, ఎవరు చూసి వెళ్లారు, చివరికి ఎంతకు కుదిరింది అన్నీ ఆయనకు తెలుసు. ఆ తర్వాత, ఈమధ్యే దిగిన కుటుంబాన్ని అడగండి. టు-లెట్ బోర్డు మీద నంబరు ఉంటే మీరే ఫోన్ చేసి, అద్దె ఎంత, ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది, చివరిగా ఎంతకిస్తారు అని మూడు ప్రశ్నలు వేయండి. మూడు నుంచి ఐదు ఇళ్ల వివరాలు దొరికితే చాలు.

మన ఉదాహరణలోని కుటుంబానికి నాలుగు ఇళ్లు కనబడ్డాయనుకుందాం. వాళ్ల అపార్టుమెంటులోనే మూడో అంతస్తు ఫ్లాటు రెండు నెలల కిందట 20,500కు కుదిరింది. మొదటి అంతస్తు ఫ్లాటుకు 22,000 అడిగారు, ఆరు వారాలుగా ఎవరూ రాలేదు, ఇప్పుడు 21,000కు ఇస్తామంటున్నారు. పక్క వీధి కొత్త భవనంలో 23,000. ఇంకోచోట 21,000 అని ప్రకటన ఉంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. 23,000 ఫ్లాటులో జనరేటరు, కప్పుతో ఉన్న కారు పార్కింగు, కొత్త బాత్‌రూములు ఉన్నాయి. పాత అపార్టుమెంటుతో దాన్ని పోల్చడం కుదరదు. ఓనరు దాన్ని చూపించినా మీరు ఇదే జవాబు చెప్పాలి. చివరి ప్రకటనలోని 21,000లో మెయింటెనెన్సు కూడా కలిసి ఉందని ఫోన్ చేస్తేనే తెలిసింది. అంటే అసలు అద్దె 18,500 చిల్లర. మెయింటెనెన్సు లోపలా బయటా అన్నది తేల్చుకోకుండా పోల్చడమే అద్దె బేరంలో అందరూ చేసే పెద్ద పొరపాటు. ఆ చివరి ఇల్లు మెయిన్ రోడ్డుకు దూరంగా, లిఫ్టు లేని భవనంలో ఉంది. కాబట్టి దాన్నీ పక్కన పెట్టాలి. అనుకూలంగా ఉంది కదా అని దాన్ని మాత్రం ఉంచుకుంటే ఓనరు ఒక్క ప్రశ్నతో మీ సాక్ష్యమంతా కొట్టేస్తాడు. చివరికి మిగిలేవి వాళ్ల అపార్టుమెంటులోని రెండు ఫ్లాట్లే. అవి చెప్పే ధర 20,500 నుంచి 21,000.

ఒక్కోసారి ఈ వెతుకులాట మీకు ఎదురు తిరుగుతుంది. చుట్టుపక్కల 25,000 నడుస్తుంటే, మీరు మూడేళ్లుగా 20,000కు ఉంటుంటే, ధరల మాట మీరు ఎత్తకూడదు. ఆ పరిస్థితిలో తగ్గించమని అడగడం కాకుండా పెంపును చిన్నదిగా ఉంచమనో, రిపేర్లు చేయించమనో అడగాలి. అద్దెను ఉన్నదాని కంటే కిందికి దించమనడానికి గట్టి కారణం కావాలి. కరోనా కాలంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేస్తూ సొంతూళ్లకు వెళ్లిపోయినప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇళ్లు ఖాళీ అయి ఓనర్లే తగ్గించారు. ఇప్పుడు కూడా ఒక ప్రాంతంలో ఒకేసారి పెద్ద టవర్లు పూర్తయితే పక్కనున్న పాత ఫ్లాట్లకు అదే జరుగుతుంది. బోరు ఎండిపోయి ప్రతి వేసవిలో ట్యాంకర్ల ఖర్చు మీ మీద పడుతుంటే అదీ ఒక కారణమే. అసోసియేషన్ వసూలు చేసిన ట్యాంకరు రసీదులు నెలవారీగా దాచి చూపించండి.

గతం కాదు, రాబోయే రెండేళ్లు

"నాలుగేళ్ల నుంచి ఉంటున్నాం, ఒక్క నెలా ఆలస్యం చేయలేదు." ఈ మాట నిజమే, మంచి మాటే. కానీ ఓనరుకు దాని వల్ల వచ్చే లాభం ఇప్పటికే చేతికందింది. ఆయనకు ఇంకా అందనిది రాబోయే కాలం. కాబట్టి గతాన్ని హామీగా చూపిస్తూ, రాబోయే రెండేళ్లను ఇవ్వజూపాలి. "మా అబ్బాయి ఎనిమిదిలో ఉన్నాడు, పదో తరగతి అయ్యేదాకా ఈ బడి మార్చం. రెండేళ్లు ఉంటాం. ఖాళీ చేయాల్సి వస్తే రెండు నెలల ముందు చెబుతాం." రెండేళ్లు అన్న మాటకు పిల్లాడి చదువు లాంటి కారణం తోడైతే ఓనరు నమ్ముతాడు.

ఇవ్వగలిగినవి ఇంకా ఉన్నాయి. ఒకటో తారీఖునే బ్యాంకులో అద్దె వేస్తామనడం, ఖాళీ చేసే నెలలో వచ్చినవాళ్లకు ఇల్లు చూపిస్తామనడం. ఓనరు వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉంటే రిపేరు పనిని మీరే దగ్గరుండి చేయిస్తామనడం. దూరంగా ఉండే ఓనరుకు ఈ చివరిది ఐదు వందల అద్దె కంటే ఎక్కువ విలువైనది.

ఇవ్వలేనివి చెప్పకూడదు. వేరే ఇల్లు చూడకుండానే "అయితే మేం వెళ్లిపోతాం" అనడం అన్నింటికంటే ప్రమాదం. ఇల్లు మారితే మీకూ ఖర్చే. సామాను తరలింపు, బ్రోకరు కమీషను, కొత్త అడ్వాన్సు, పాత అడ్వాన్సులోంచి రంగుల కోసం కోసుకునే నెల అద్దె. హైదరాబాద్‌లో ఈ నెల అద్దె కోత చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, ఒకసారి చూసుకోండి. ఈ లెక్క ఓనరుకు కూడా తెలుసు. కనుక బెదిరింపు పనికిరాదు. మీరు వెళ్తే ఇద్దరికీ నష్టం, ఉంటే ఇద్దరికీ ఆదా. ఆ ఆదాను ఎలా పంచుకోవాలన్నదే బేరం.

మాట ఎత్తడానికి గడువుకు రెండు, రెండున్నర నెలల ముందు సరైన సమయం. ఓనరు పెంపు అంకె చెప్పేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు కష్టం, పరువు అడ్డొస్తుంది. ఆ అంకె రాకముందే మీ మాట వెళ్లాలి. నేరుగా కలవడం మేలు. కుదరకపోతే ముందు ఇలాంటి చిన్న మెసేజ్ పంపి, తర్వాత ఫోన్ చేయవచ్చు:

"నమస్తే అంకుల్. జూన్‌తో అగ్రిమెంటు పూర్తవుతుంది. బాబు పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉండాలనుకుంటున్నాం. మన అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు రెండు నెలల కిందట 20,500కు ఇచ్చారు. మొదటి అంతస్తుది ఆరు వారాలుగా ఖాళీగా ఉంది, 21,000కు ఇస్తామంటున్నారు. ఈసారికి 20,000 అలాగే ఉంచి, బెడ్‌రూం గోడ చెమ్మ పని చేయిస్తే రెండేళ్లకు మాట ఇస్తాం. ఆదివారం వచ్చి మాట్లాడతాం."

ఇందులో ఫిర్యాదు లేదు, జీతం మాట లేదు. రెండు ఇళ్లు, రెండేళ్లు, ఒక రిపేరు, అంతే.

రిపేర్లలో హక్కు వేరు, బేరం వేరు

అద్దె తగ్గించడానికి ససేమిరా అనే ఓనరు కూడా రిపేరుకు ఒప్పుకుంటాడు. అద్దెలో తగ్గించిన ఐదు వందలు ప్రతి ఏటా తగ్గుతూనే ఉంటాయి, వచ్చే పెంపు కూడా దానిమీదే లెక్కిస్తారు. రిపేరు ఒకసారి పెట్టే ఖర్చు, చేసిన పని ఆయన ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే చాలా బేరాలు తేలేది ఇక్కడే.

అయితే అడిగే ముందు మీ జాబితాను రెండుగా విడదీయండి. ఓనరు చేయించి తీరాల్సినవి ఒకవైపు, చేయిస్తే బాగుండేవి ఇంకోవైపు. ఎక్కడ గీత గీయాలో తెలియకపోతే, 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం మంచి కొలత. గోడలు, కప్పు లాంటి నిర్మాణపు పనులు, సున్నం, తలుపులూ కిటికీల రంగులు, అవసరమైతే నీళ్ల పైపులు మార్చడం, వైరింగు, ఇవి ఓనరు బాధ్యత అని అందులో ఉంది. కుళాయిలూ వాటి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు రిపేరు, తలుపు తాళాలు, డ్రైనేజీ శుభ్రం, ఇవి అద్దెకున్నవాళ్ల పని. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది కట్టుబాటు అవుతుంది. అయినా పంచాయితీ వచ్చినప్పుడు "దేశమంతటికీ రాసిన నమూనాలో ఇలా ఉందండీ" అని చూపించడానికి పనికొస్తుంది.

గోడ చెమ్మ మొదటి కోవలోది. దాన్ని పెంపుకు బదులుగా అడగకండి. "చెమ్మ పని చేయిస్తాను, పెంపు ఒప్పుకోండి" అని ఓనరు అంటే, తన బాధ్యతనే మీకు అమ్ముతున్నట్టు. పై మెసేజ్‌లో దాన్ని కలిపింది పని ఆగిపోకుండా తేదీ పడడానికి. బేరానికి దోమల జాలీలు, వంటగదిలో అదనపు అరలు, హాలుకు కొత్త రంగు లాంటివి ఉంచుకోవాలి.

చెమ్మ విషయంలో "గోడ పాడైంది" అంటే ఓనరు రంగు వేయించి చేతులు దులుపుకుంటాడు, వర్షాకాలం రాగానే పెచ్చులు మళ్లీ ఊడతాయి. కారణం తెలిసి ఉండాలి. బాత్‌రూంకు ఆనుకున్న గోడ కింద రెండడుగుల మేర తడిస్తే, చాలావరకు టైల్స్ అతుకుల్లోంచో నహానీ ట్రాప్ చుట్టూనో నీళ్లు దిగుతున్నట్టే. పరీక్ష తేలిక. బాత్‌రూంను ఒక వారం వాడకుండా ఆపగలిగితే మరక ఆరుతుందేమో చూడండి. తర్వాత నహానీ ట్రాప్‌ను గుడ్డతో మూసి, నేల మీద రెండు అంగుళాల నీళ్లు ఒక రోజు నిలపండి. గోడ మళ్లీ తడిస్తే నేలదే తప్పు. నీళ్లు నిలపకపోయినా మరక పెరుగుతూనే ఉంటే గోడలోని పైపును అనుమానించాలి. మొదటిదైతే అతుకులు తవ్వి మళ్లీ నింపి వాటర్‌ప్రూఫింగ్ చేస్తే సరిపోవచ్చు. రెండోదైతే గోడ పగలగొట్టక తప్పదు, ఖర్చు చాలా ఎక్కువ. ఏదైనా ఇద్దరు పనివాళ్ల చేత ఖర్చు రాయించి, తేదీలతో ఫోటోలు జోడించి పంపితే, ఓనరు ఆలోచించాల్సింది అవుననాలా కాదనాలా అన్నదే. వానలకు ముందే పూర్తి చేయించాలి. గోడ ఆరకుండా రంగు వేస్తే ఆ డబ్బు వృథా.

ఓనరు పట్టించుకోకపోతే? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని చెబుతుంది. కానీ అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాతదే పైచేయి. కాబట్టి ఓనరు నుంచి "చేయించుకోండి, అద్దెలో తగ్గించుకోండి" అన్న ఒక్క మెసేజ్ అయినా రాబట్టకుండా డబ్బు పెట్టకండి. అద్దె కట్టడం ఆపేసి దారికి తెద్దామనుకోవడం మాత్రం పొరపాటు. అద్దె బాకీ పడితే అంతవరకు మీవైపున్న న్యాయం ఓనరు వైపు జరిగిపోతుంది.

కుదిరింది రాసుకోవాలి

మన ఉదాహరణలో ఓనరు 21,000 అన్నారు, కుటుంబం 20,000 అన్నది. చివరికి 20,500కు, చెమ్మ పని వెంటనే, హాలుకు రంగు దసరాలోపు అని తేలిందనుకుందాం. మొదట ఓనరు అడిగిన 22,000తో పోలిస్తే 11 నెలల్లో 16,500 మిగిలింది. ఓనరు కూడా నష్టపోలేదు. పాత అద్దె మీద 5,500 ఎక్కువ వచ్చింది, ఇల్లు ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు.

ఇది నోటిమాటగా మిగలకూడదు. రిపేరు ఏది, ఎవరి ఖర్చు, ఏ తేదీలోపు, చేయకపోతే అద్దెలో ఎంత మినహాయింపు అన్నది కొత్త అగ్రిమెంటులోనే రాయించండి. రెండేళ్ల మాటను గట్టిగా కట్టుకోవాలంటే, ఏడాది మించిన లీజు కాబట్టి రిజిస్టర్ చేయించాల్సిందే. రిజిస్టర్ కాని రెండేళ్ల కాగితం కోర్టులో రెండేళ్ల లీజుగా నిలవదు. అంత వద్దనుకుంటే 11 నెలలకే రాసుకుని, తర్వాతి పెంపు ఎంత శాతం మించకూడదో ఇప్పుడే ఒక వాక్యంలో పెట్టించుకోండి. దాని బలమంతా ఓనరు మాట నిలుపుకోవడం మీదే ఉన్నా, వచ్చే ఏడాది బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.

పాత అగ్రిమెంటు గడువు తీరాక కొత్తది రాసుకోకుండా ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. అలా ఉంటే అది నెలవారీ అద్దెగా మారుతుంది. వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల నోటీసుతో ఎవరైనా ముగించవచ్చని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. తెలంగాణలో పాత అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందనుకోవడానికి కూడా లేదు. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లకు అది వర్తించదు. కాబట్టి నగరంలో అద్దెకున్న మధ్యతరగతి కుటుంబానికి రక్షణ తన చేతిలోని కాగితమే. కొత్త అద్దె మొదటి నెల కట్టేలోపే దాని మీద సంతకాలు పెట్టించుకోండి.